అయిపోయేవేవి, పేరుకుపోయేవేవి?

చిన్న ఫ్యాక్టరీల్లో స్టాకు మీటింగు ఎలా నడుస్తుందో లోపల పనిచేసినవాళ్లకి తెలుసు. స్టోర్స్‌లో ఉన్న ఆరేడు వందల ఐటెమ్‌ల జాబితా ప్రింటు తీస్తారు. మొదటి పేజీ మొదటి వరస నుంచి చదువుతారు. "బోల్టులు ఎన్నున్నాయి? నట్లు ఎన్నున్నాయి?" అంటూ మూడో పేజీకి వచ్చేసరికి టీ వస్తుంది, ఐదో పేజీలో ఓనరుగారికి ఫోను వస్తుంది. పదకొండో పేజీలో ఉన్న అసలు సమస్య దాకా ఎవరూ రారు. రెండు రోజుల తర్వాత ఆ ఐటెమ్ కోసమే లైన్ ఆగుతుంది. అప్పుడు స్టోర్‌కీపరు "జాబితాలో ఇచ్చాను కదా సార్" అంటాడు. అతను చెప్పింది అబద్ధం కాదు.

సరిగ్గా ఉన్నవాటి గురించి మాట్లాడకపోవడమే ఈ మీటింగుకి మొదటి నియమం. గీత దాటినవాటిని మాత్రమే చూపే జాబితాని ఎక్సెప్షన్ రిపోర్టు అంటారు. ఆలోచన కొత్తదేమీ కాదు. మేనేజరు ముందుకు మామూలు లెక్కలన్నీ తేవద్దని, మామూలుకి భిన్నంగా జరిగినవే తెమ్మని ఫ్రెడరిక్ టేలర్ 1903 నాటి 'షాప్ మేనేజ్‌మెంట్'లోనే రాశాడు. స్టాకు విషయంలో గీతలు రెండు. కింది గీత దాటితే సరుకు అయిపోతుంది, పై గీత దాటితే సరుకు పేరుకుపోతుంది. వారానికి ఒకసారి, ముప్పావు గంట, ఈ రెండు జాబితాలు చాలు.

ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఉన్న చిన్న యూనిట్ అది. బోరుబావుల్లో దించే సబ్‌మెర్సిబుల్ పంపులు బిగిస్తుంది. మనుషులు పాతిక మందికి మించరు. సీజన్లో రోజుకి 20 పంపులు. షాఫ్టులు, బుష్‌లు, ఇంపెల్లర్లు, థ్రస్ట్ బేరింగులు కొన్ని కోయంబత్తూరు నుంచి, కొన్ని రాజ్‌కోట్ నుంచి లారీల్లో వస్తాయి. అట్టపెట్టెలు, రంగు, నట్లు, బోల్టులు ఊళ్లోనే దొరుకుతాయి.

మీటింగు ఏ రోజు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కాదు. చాలాచోట్ల శనివారం సాయంత్రం పెడతారు, వారం పని ముగుస్తుందని. అది తప్పు రోజు. అక్కడ తీసుకున్న నిర్ణయాల్లో సగానికి పైగా సప్లయరుకి ఫోను చేయడంతో మొదలవుతాయి. ఆదివారం ఎవరూ ఫోనెత్తరు, సోమవారానికి విషయం చల్లారిపోతుంది. మంగళవారం ఉదయమైతే సోమవారమంతా రిపోర్టు సరిచూసుకోవడానికి దొరుకుతుంది, మీటింగు తర్వాత సప్లయరుతో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుతో మాట్లాడటానికి నాలుగైదు పనిదినాలు మిగులుతాయి. కూర్చోవలసినవాళ్లు ఐదుగురు: ఓనరు, ప్రొడక్షన్ సూపర్‌వైజరు, స్టోర్‌కీపరు, పర్చేజ్ చూసే మనిషి, అకౌంటెంటు. అకౌంటెంటుకి స్టాకుతో ఏం పనని అడగొచ్చు. ఆ సంగతి కాసేపట్లో తెలుస్తుంది.

ముందు కింది గీత ఎక్కడ గీయాలో చూద్దాం. చాలామంది ఇక్కడే రెండు వేరువేరు ప్రశ్నల్ని కలిపేస్తారు. "ఇప్పుడు ఆర్డరు పెట్టాలా?" అన్నది ఒకటి. దానికి రీఆర్డర్ లెవెల్ ఉంది. రోజువారీ వాడకాన్ని సరుకు చేరడానికి పట్టే రోజులతో గుణించి, పైన కొంత భద్రతకి కలిపితే వచ్చే సంఖ్య అది. మన పంపుకి ఒక్కో మోటారులో ఒక థ్రస్ట్ బేరింగు సెట్టు పడుతుంది. రోజుకి 20, చేరడానికి 12 పనిదినాలు, భద్రతకి 80 అనుకుంటే రీఆర్డర్ లెవెల్ 320. స్టాకు అంతకి తగ్గగానే పీవో వెళ్లాలి. టాలీప్రైమ్ వాడేవాళ్లకి Reorder Status అనే రిపోర్టు ఈ జాబితా ఇచ్చేస్తుంది. అయితే అది పర్చేజ్ మనిషి రోజూ పొద్దున్నే చూసుకుని ముగించవలసిన పని. దాన్ని మీటింగుకి తేకూడదు.

మీటింగుకి రావలసింది రెండో ప్రశ్న. "ఉన్న సరుకు, తర్వాతి సరుకు చేతికి వచ్చేదాకా సరిపోతుందా?" ఆర్డరు పెట్టడంతో దీనికి జవాబు దొరకదు. మామూలు దారిలో వెళ్తే లైన్ ఆగడం ఖాయమైనవే ఈ జాబితాలోకి వస్తాయి. ఎక్సెల్లో ఐటెమ్ పక్కన C గడిలో వాడదగిన స్టాకు, D లో రోజువారీ వాడకం, E లో తర్వాతి సరుకు వాడకానికి వచ్చేసరికి పట్టే పనిదినాలు, F లో గరిష్ఠ పరిమితి పెట్టుకుంటే ఒక్క వరస చాలు:

```
=IF(C2<D2*E2,"SHORT",IF(C2>F2,"EXCESS",""))
```

ఖాళీగా మిగిలిన వరసలన్నీ మీటింగులో ఎవరూ ఎత్తకూడని ఐటెమ్‌లు. ఫిల్టరు వేసి వాటిని దాచేయాలి.

ఫార్ములా తేలిక, అందులో వేసే అంకెలే కష్టం. ముఖ్యంగా మూడుచోట్ల బోల్తా పడతారు. "వాడదగిన" స్టాకంటే కంప్యూటరు చూపే బ్యాలెన్స్ కాదు. రిజెక్షన్ బాక్సులో పడేసినవి, ఇన్‌స్పెక్షన్ కావలసినవి, ఇష్యూ స్లిప్పు రాయకుండా లైన్ మీదికి వెళ్లిపోయినవి అందులోంచి తీసేయాలి. అందుకే సోమవారం స్టోర్‌కీపరు ఒక పని చేయాలి. జాబితాలోకి వచ్చిన పదిహేను, ఇరవై ఐటెమ్‌లని మాత్రం ర్యాక్ దగ్గరికి వెళ్లి చేత్తో లెక్కపెట్టాలి. ఆరువందలు లెక్కపెట్టమంటే ఎవరివల్లా కాదు, ఇరవై అయితే గంటన్నర పని. రెండోది, రోజువారీ వాడకానికి గత ఏడాది సగటు వేయడం. బోరు పంపుల గిరాకీ బావుల్లో నీళ్లు కిందికి జారే ఫిబ్రవరి నుంచి మే దాకా ఉంటుంది. ఏడాది సగటు వేస్తే ఎండాకాలంలో ఐటెమ్‌లు అయిపోతాయి, వానాకాలంలో కుప్ప పడతాయి. రాబోయే నాలుగు వారాల ప్రొడక్షన్ ప్లానులోంచి తీసిన అంకే వేయాలి. మూడోది, గడువు దాటిన పీవో. పోయిన గురువారం రావలసిన సరుకు ఇంకా రాలేదంటే, "రేపోమాపో వస్తుంది" అని E గడిలో 1 వేయకూడదు. సప్లయరు కొత్త తేదీ చెప్పేదాకా ఆ పీవో లేనట్టే లెక్క. ఆర్డరు పెట్టకపోవడం వల్ల ఆగిన లైన్లకంటే, పెట్టిన ఆర్డరు వస్తుందనుకోవడం వల్ల ఆగినవే ఎక్కువని పర్చేజ్ చూసిన ఎవరినడిగినా చెబుతారు.

ఇక మంగళవారం పది గంటలు. మొదటి ఐదు నిమిషాలు పోయిన వారం రిజిస్టరు చదవడానికి. అప్పుడు ఎవరు ఏం చేస్తామన్నారు, చేశారా లేదా అన్నది మాత్రమే. కారణాల జోలికి పోకూడదు. ఆ వెంటనే షార్టేజీ జాబితా. దీన్ని ఏ వరసలో పెట్టాలన్నది ముఖ్యం. అకౌంట్స్ అలవాటు ప్రకారం ఎక్కువ విలువైనవి పైన పెడతారు. ఇక్కడ అది పనికిరాదు. మూడు రూపాయల ఓ-రింగు లేకపోతే వేల రూపాయల పంపు పెట్టెలోకి ఎక్కదు. కాబట్టి లైన్‌ని ఎవరు ముందు ఆపుతారో వాళ్లే పైన ఉండాలి.

మన ఫ్యాక్టరీలో ఈ వారం పైన ఉన్నది థ్రస్ట్ బేరింగు.

"సెట్లు ఎన్నున్నాయి?" ఓనరు అడిగారు.

"కంప్యూటర్లో 140 సార్. ర్యాక్‌లో 90. మిగతా 50 రిజెక్షన్ బాక్సులో ఉన్నాయి," అన్నాడు స్టోర్‌కీపరు.

"400కి పీవో పెట్టాం కదా?"

"పెట్టాం సార్. గురువారం పంపాలి, పంపలేదు. పాత బిల్లు ఉంది కదా అంటున్నాడు," అన్నాడు పర్చేజ్ మనిషి.

అందరూ అకౌంటెంటు వైపు చూశారు. ఈ మీటింగులో అకౌంటెంటు ఎందుకు ఉండాలో ఇదే. సరుకు రాకపోవడానికి కారణం చాలాసార్లు లారీలో ఉండదు, కట్టని బిల్లులో ఉంటుంది. పైగా సప్లయరు కూడా సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారైతే బాకీకి చట్టం గడువు ఉంది. రాతపూర్వకంగా ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. ఆ గడువు దాటితే, డబ్బు నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ నిబంధన అమల్లోకి వచ్చాక చిన్న యూనిట్లలో కూడా అకౌంటెంట్లు ఈ తేదీలు గమనిస్తున్నారు. మన ఓనరు "ఎందుకు కట్టలేదు?" అని నిలదీస్తే పది నిమిషాలు పోతాయి. "ఎప్పుడు కడతారు?" అనడమే ఈ మీటింగు ప్రశ్న. "మధ్యాహ్నం 12 లోపు" అన్నాడు అకౌంటెంటు.

ఇప్పుడు లెక్క. ర్యాక్‌లోని 90 రోజుకి 20 చొప్పున మంగళ, బుధ, గురు, శుక్రవారాలకి 80 పోగా శనివారం మధ్యాహ్నం దాకా వస్తాయి. ఇవాళ డబ్బు కడితే సప్లయరు రేపు లారీకి ఎక్కిస్తాడు. అది వచ్చే మంగళవారం దిగుతుంది, ఇన్‌స్పెక్షన్ అయ్యాక బుధవారం వాడుకోవచ్చు. అంటే శనివారం అర పూట, సోమవారం, మంగళవారం లైన్‌కి బేరింగులు లేవు. రెండున్నర రోజులు, 50 పంపులు. ఈ 50 అన్న అంకె బల్లమీదికి రావడమే రిపోర్టు చేసిన మేలు. "బేరింగులు తక్కువున్నాయి" అంటే ఎవరూ కదలరు. "శనివారం మధ్యాహ్నం నుంచి లైన్ ఖాళీ, 50 పంపులు పోతాయి" అంటే దానికి సరిపడా దారులు వెతుకుతారు.

దారులు వెతికారు కూడా. రిజెక్షన్ బాక్సులోని 50లో చాలావాటికి ముఖం మీద సన్నటి గీతలే లోపం. ల్యాపింగ్ చేసి మళ్లీ చూస్తే కొన్నైనా నిలుస్తాయని, కనీసం 20 ఆశించవచ్చని సూపర్‌వైజరు చెప్పాడు. 400లోంచి 30 సెట్లు విడిగా పార్సిల్ సర్వీసులో పంపమని అడిగితే శనివారానికి అందుతాయి, ఛార్జీ ఎక్కువైనా. ఈ రెండూ కలిస్తే 50. ల్యాపింగ్‌లో అనుకున్నన్ని రాకపోతే సోమవారం వేరే సైజు బేరింగు పడే 3 హెచ్.పి. మోడల్ ముందుకి జరుపుతారు. రిజిస్టరులో మూడు వరసలు పడ్డాయి: బిల్లు, అకౌంటెంటు, ఇవాళ 12 గంటలు. పార్సిల్, పర్చేజ్, ఇవాళ 2 గంటలు. ల్యాపింగ్ ఫలితం, సూపర్‌వైజరు, బుధవారం సాయంత్రం. ప్రతి వరసలో ఒక మనిషి, ఒక తేదీ. "చూద్దాం", "అందరూ కలిసి చేద్దాం" అన్న మాటలు ఈ రిజిస్టరులోకి రానివ్వకూడదు.

జాబితాలో మరో ఐదారు ఐటెమ్‌లు ఉంటాయి. అవి ఇంత సేపు తీసుకోవు. ఊళ్లో దొరికే గాస్కెట్ షీటు లాంటిది ఒక్క మాటతో తేలిపోతుంది. షార్టేజీలకి ఇరవై నిమిషాలు చాలు.

తర్వాత పావుగంట పేరుకుపోయినవాటికి. పై గీతని రీఆర్డర్ లెవెల్‌కి ఒక ఆర్డరు పరిమాణం కలిపి గీయవచ్చు. మన బేరింగుకి 320కి 400 కలిపితే 720. అంతకు మించి ఉన్నవి, లేదా 90 రోజులుగా కదలనివి ఈ జాబితాలోకి వస్తాయి. ఇక్కడ మాత్రం వరస రూపాయల్లోనే. ఇరుక్కున్నది డబ్బు కాబట్టి ఎక్కువ డబ్బు ఇరుక్కున్నది పైన.

ఈ వారం పైన ఉన్నది రాగి వైండింగ్ వైరు. రెండు నెలలకి సరిపడా ఉంది. రాగి ధర పెరుగుతుందని ఓనరే కావాలని కొన్నారు. ఇలాంటివి ప్రతి వారం జాబితాలో పైన కూర్చుని అందరి చూపూ లాగేస్తాయి, నాలుగు వారాలు గడిస్తే జనం జాబితానే చూడటం మానేస్తారు. దీనికి చిన్న ఉపాయం ఉంది. "తెలిసి కొన్నది, ఫలానా తేదీకి మళ్లీ చూడాలి" అని పక్కన రాసి అప్పటిదాకా జాబితాలోంచి దింపేయడం. తేదీ మాత్రం తప్పనిసరి, లేకపోతే ప్రతిదీ తెలిసి కొన్నదే అవుతుంది.

రెండోది 3 హెచ్.పి. మోడల్ అట్టపెట్టెలు, 4,500. ఆ మోడల్ రోజుకి పది పంపులు దాటదు. అంటే 450 రోజుల సరుకు. ఎందుకంటే ప్రింటింగ్ ప్రెస్సు 5,000 కంటే తక్కువ వేయనంది. తక్కువ ధరకి వచ్చిందనుకున్న పెట్టె స్టోర్స్‌లో సగం గోడ తినేసింది, వానాకాలం వస్తే చెమ్మ పట్టి మెత్తబడుతుంది. ఇక్కడ నిర్ణయం రెండు ముక్కలు: వేరే మోడల్‌కి పైన స్టిక్కరు అంటించి వాడటం, ఇకపై రెండు మోడల్స్‌కి ఒకే పెట్టె చేయించడం. మూడోది పాత డిజైన్ ఇంపెల్లర్లు, 600. ఎనిమిది నెలలుగా కదల్లేదు, ఒక్కోటి 90 రూపాయల చొప్పున 54,000. ఆ పంపులు ఇంకా పొలాల్లో తిరుగుతున్నాయి కాబట్టి రిపేరు గిరాకీకి వందో నూటయాభయ్యో ఉంచుకోవాలి. మిగతావి మోటారు రిపేరు షాపులకి తగ్గింపు ధరకి అమ్మవచ్చు. ఏదీ కుదరకపోతే తుక్కు కింద అమ్మాలి. పుస్తకాల్లో ఊరికే కొట్టేస్తే వాటిమీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టవలసి వస్తుంది. ఆ పని చేసేముందు ఆడిటరుని అడగడం మేలు.

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పేరుకుపోయిన ఈ ఐటెమ్‌కి ఇంకా పీవో ఏదైనా తెరిచి ఉందా? వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఆరు నెలల కింద పెట్టిన నెలవారీ ఆర్డరు ఎవరూ ఆపక వస్తూనే ఉంటుంది. వచ్చిన సరుకుని వదిలించుకోవడం కంటే రాబోయేదాన్ని ఆపడం తేలిక.

రెండు జాబితాల్ని విడివిడిగా చూసి ముగించేవాళ్లు అసలు లాభం వదులుకుంటున్నట్టే. పక్కపక్కన పెట్టి చదవాలి. కార్బన్ బుష్ షార్టేజీలో ఉంది. ఎక్సెస్‌లో "బుష్ కార్బన్ 25" అని ఇంకోటి ఉంది. స్టోర్‌కీపరు రెండూ తెచ్చి బల్లమీద పెడితే ఒకటే వస్తువు. ఒకరు ఒక పేరుతో, ఇంకొకరు ఇంకో పేరుతో కోడు తెరిచారు. ఇంకొంచెం లోతైన సంబంధం ఇంకోటి. బేరింగు లేక పంపు బిగియకపోతే, ఆ పంపులోకి వెళ్లవలసిన షాఫ్టు, బౌలు, కేబులు అన్నీ స్టోర్స్‌లోనే ఆగిపోతాయి. వాటి సరుకు మాత్రం పాత తేదీల ప్రకారం వస్తూనే ఉంటుంది. రెండు వారాల్లో అవి ఎక్సెస్ జాబితాలో తేలతాయి. వాటిని అమ్ముకోవాలని చూడటం అమాయకత్వం. ఎక్సెస్‌లో ఒకే పంపుకి చెందిన నాలుగైదు భాగాలు కలిసి కనిపిస్తే, ఆ పంపుకే చెందిన ఇంకో భాగం షార్టేజీలో ఉందేమో చూడాలి. ఉంటే మందు అక్కడ వేయాలి, ఈలోగా మిగతా భాగాల సరుకుని వారం వెనక్కి జరపమని చెప్పాలి.

చివరి ఐదు నిమిషాలు రిపోర్టుకే పరీక్ష. పోయిన వారం లైన్ ఏయే ఐటెమ్‌ల కోసం ఆగిందో సూపర్‌వైజరు చెబుతాడు. అవి అంతకు ముందు వారం షార్టేజీ జాబితాలో ఉన్నాయా? ఉండి కూడా ఆగితే తప్పు మీటింగుది, నిర్ణయం అమలు కాలేదు. లేకుండా ఆగితే తప్పు అంకెలది. స్టాకు లెక్కో, వాడకమో, రోజులో ఎక్కడో అబద్ధం ఉంది, ఆ ఐటెమ్ అంకెల్ని అక్కడికక్కడే సరిచేయాలి. జాబితాలో ఉండి కూడా ఏ ప్రయత్నమూ లేకుండానే లైన్ ఆగకపోతే, గీత మరీ పైకి ఉందన్నమాట. ఒక వారం జాబితా 120 ఐటెమ్‌లకి పెరిగితే ఫ్యాక్టరీ మునిగిపోతోందని కంగారుపడేకంటే పరిమితులు ఎప్పుడు మార్చారో చూడటం మంచిది. బహుశా ఫిబ్రవరిలో పెంచిన రోజువారీ వాడకం అంకెల్ని జూన్‌లో ఎవరూ దించి ఉండరు.

ఈ పద్ధతికి కొన్ని చోట్ల ఫలితం తక్కువ. ప్రతి ఆర్డరు కొత్త డిజైన్ అయ్యే జాబ్‌వర్క్ షాపులో రోజువారీ వాడకం అన్న అంకెకే అర్థం లేదు. అక్కడ ఆర్డరు వారీగా ఏ భాగం రాలేదో చూడాలి. స్టోర్స్‌కి తాళం లేకుండా ఎవరికి కావలసింది వాళ్లు తీసుకునే యూనిట్‌లో కూడా ముందు ఇష్యూ స్లిప్పు అలవాటు చేయనిదే ఏ రిపోర్టూ నిజం చెప్పదు. మీ ఫ్యాక్టరీ ఈ రెండు కోవల్లోనూ లేకపోతే, ఈ సోమవారమే లైన్‌ని తరచూ ఆపే ముప్పై ఐటెమ్‌లతో ఎక్సెల్ షీటు ఒకటి మొదలుపెట్టి, మంగళవారం పది గంటలకి ఐదుగురినీ పిలవండి.